కాలనీ పక్కనున్న ఫ్యాక్టరీ పొగ, మోతపై కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు

తేదీ: 24 నవంబరు 2025

పర్యావరణ ఇంజినీరు గారికి,
ప్రాంతీయ కార్యాలయం,
రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి.

విషయం: మా కాలనీ ఉత్తరపు గోడ అవతలున్న ఇనుప తుక్కు కరిగించే ఫ్యాక్టరీ నుంచి రాత్రిపూట వస్తున్న పొగ, శబ్దం గురించి.

ఆర్యా,

మా కాలనీలో 212 ఇళ్లున్నాయి. చివరి వరుస ఇళ్లకూ ఫ్యాక్టరీ షెడ్డుకూ మధ్య దూరం సుమారు 60 మీటర్లు. ఫ్యాక్టరీ పేరు, గేటు దగ్గరి బోర్డు ఫోటో 1లో కనిపిస్తాయి.

ఫ్యాక్టరీ 2004లో వచ్చింది, మా లేఅవుట్ 2009లో పడింది. "మీరే తర్వాత వచ్చారు కదా" అని అక్కడివాళ్లు అనే మాట నిజమే. అయితే 2024 వేసవి దాకా మాకు పెద్దగా ఇబ్బంది లేదు. ఆ తర్వాత రెండో కొలిమి మొదలైందని అక్కడ పనిచేసేవాళ్లే చెప్పారు. వాళ్లలో కొందరు మా కాలనీలోనే ఉంటున్నారు. వాళ్ల పని పోవాలని మేం కోరుకోవడం లేదు.

ఈ ఫిర్యాదులో మేం ముఖ్యంగా అడిగేది ఒక్కటే. దయచేసి రాత్రి 11 నుంచి 3 మధ్యలో, ముందుగా ఫ్యాక్టరీకి చెప్పకుండా రండి. పగలు వస్తే మీకు ఏమీ కనిపించదు. పగలు షెడ్డులో పని నెమ్మదిగా సాగుతుంది, చిమ్నీ నుంచి పలచటి పొగే వస్తుంది. అసలు పొగ రాత్రి, అదీ చిమ్నీలోంచి కాదు. కొలిమిలో తుక్కు వేసిన ప్రతిసారీ గోధుమరంగు పొగ షెడ్డు కప్పు సందుల్లోంచి, పక్క రేకుల మధ్య నుంచి బయటికి వస్తుంది. చిమ్నీకి పరికరం పెట్టి కొలిస్తే లెక్క పరిమితిలోనే రావచ్చు, ఎందుకంటే ఆ పొగ చిమ్నీ దాకా వెళ్లడమే లేదు. వీడియో 2, వీడియో 5 చూస్తే ఇది స్పష్టంగా తెలుస్తుంది. చలికాలం కావడంతో రాత్రిళ్లు గాలి కదలదు. పొగ పైకి లేవకుండా మా డాబాల ఎత్తులోనే నిలబడిపోతోంది.

అక్టోబరులో మేం ఐదుగురం వెళ్లి మేనేజరు గారిని కలిశాం. మర్యాదగానే మాట్లాడారు. "అది పొగ కాదండీ, ఆవిరి" అన్నారు. ఆవిరైతే కాసేపట్లో గాలిలో కలిసిపోవాలి, తెల్లబట్టను నల్లగా చేయకూడదు. మేం డాబా మీద తడి తెల్లబట్ట ఆరేసి చూశాం. పొద్దున్నకి పట్టిన మసిని కాగితం మీద దులిపి, కాగితం కింద అయస్కాంతం ఆడిస్తే పొడి దాంతోపాటే కదిలింది. అంటే అందులో ఇనుము ఉంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చాల్సింది మీ ల్యాబ్ కాబట్టి నమూనాలు సీలు చేసి జత చేస్తున్నాం.

శబ్దం సంగతి. శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ దాటకూడదు. పరిమితిని 10 డెసిబెల్స్ మించితే ఫిర్యాదు చేయవచ్చని 7వ నియమం చెబుతోంది. మేం కొలిచింది ఫోన్ యాప్‌తో. అది మీ మీటరంత కచ్చితం కాదని మాకు తెలుసు. అందుకే ప్రతిసారీ ఒకే ఫోన్‌తో, ఒకే డాబా మీద, ఒకేచోట పదేసి నిమిషాలు కొలిచి సగటు రాశాం. ఫ్యాక్టరీ ఆగిన రెండు రాత్రులు అదే ఫోన్‌లో 46, 44 వచ్చాయి. ఫోన్ తప్పు చూపిస్తోందనుకున్నా, నడిచే రాత్రికీ ఆగిన రాత్రికీ 20కి పైగా తేడా ఎక్కడి నుంచి వచ్చినట్టు?

ఆధారాల చిట్టా
(అన్ని కొలతలూ ఇంటి నంబరు 47 డాబా మీద నుంచి)

3 నవంబరు, సోమవారం, రాత్రి 11:20: కప్పు సందుల్లోంచి పొగ, 6 నిమిషాలు ఆగకుండా. శబ్దం 68. ఫోటోలు 2, 3. వీడియో 1.

5 నవంబరు, బుధవారం, రాత్రి 1:05: తుక్కు వేసిన ప్రతిసారీ పొగ. గంటలో నాలుగుసార్లు లెక్కపెట్టాం. శబ్దం 69. వీడియో 2.

8 నవంబరు, శనివారం, మధ్యాహ్నం 3:00: పొగ దాదాపు లేదు. శబ్దం 57. పగటికీ రాత్రికీ తేడా తెలియాలని ఇది కూడా రాశాం. ఫోటో 4.

11 నవంబరు, మంగళవారం, రాత్రి 12:40: క్రేన్ తుక్కును ఎత్తు నుంచి వదులుతోంది, కిటికీ అద్దాలు అదిరాయి. సగటు 71, తుక్కు పడిన క్షణంలో 88. వీడియో 3.

12, 13 నవంబరు, రెండు రాత్రులూ 11:30కి: ఫ్యాక్టరీ పనిచేయలేదు. పొగ లేదు. శబ్దం 46, 44. మసి బట్ట దాదాపు తెల్లగానే ఉంది. నమూనా 1.

14 నవంబరు, శుక్రవారం, రాత్రి 11:45: పని మళ్లీ మొదలైంది. శబ్దం 67. తెల్లారేసరికి బట్ట నల్లబడింది. నమూనా 2. ఫోటో 5.

17 నవంబరు, సోమవారం, రాత్రి 10:50: కరెంటు పోయింది, జనరేటర్ వేశారు. శబ్దం 72. వీడియో 4.

20 నవంబరు, గురువారం, రాత్రి 2:15: పొగ మూడో వరుస ఇళ్ల దాకా వచ్చింది, వాసనకు ముగ్గురు లేచి ఫోన్లు చేశారు. శబ్దం 68. వీడియో 5.

22 నవంబరు, శనివారం, రాత్రి 11:30: వర్షం. పొగ కనబడలేదు. శబ్దం కొలవలేదు.

ఇద్దరు పిల్లలకు నెబ్యులైజర్ రాసిన చీటీలు కూడా జత చేశాం. పొగ వల్లే జబ్బు వచ్చిందని డాక్టరు రాయలేదు, మేమూ అలా అనడం లేదు. మీ దృష్టికి తేవాలని మాత్రమే.

వాయు కాలుష్య చట్టం, 1981 కింద మీ కార్యాలయాన్ని కోరేవి ఇవి. పైన చెప్పిన సమయంలో తనిఖీ చేసి, చిమ్నీతో పాటు షెడ్డు కప్పు నుంచి వచ్చే పొగను కూడా నమోదు చేయాలి. మా కాలనీ లోపల మీ మీటరుతో రాత్రి శబ్దం కొలవాలి. రెండో కొలిమికి 21వ సెక్షన్ కింద అనుమతి ఉందో లేదో చెప్పాలి. పొగను పట్టే బ్యాగ్ ఫిల్టర్ రాత్రిళ్లు నిజంగా నడుస్తోందో లేదో దాని కరెంటు వాడకం చూసి తేల్చాలి. ఇది మా అనుమానం, ఆరోపణ కాదు. లోపాలు తేలితే కొలిమి మీద పొగ లాగే హుడ్ సరిచేయించడం, తుక్కు వదిలే ఎత్తు తగ్గించడం, రాత్రి పదింటి తర్వాత తుక్కు దింపకుండా చూడటం లాంటివి గడువు పెట్టి చేయించండి. గడువు దాటినా మార్పు లేకపోతే 31ఎ సెక్షన్ కింద ఆదేశాలు ఇవ్వండి.

తనిఖీకి వచ్చే రాత్రి మీవాళ్లు 47వ నంబరు ఇంటి తలుపు తడితే చాలు, డాబా తాళం అప్పుడే తీసిస్తారు. ముందుగా మాకు కూడా చెప్పనక్కర్లేదు. తనిఖీ నివేదిక ప్రతి ఒకటి మాకు పంపగలరు.

ఇట్లు,
కార్యదర్శి,
కాలనీ నివాసుల సంక్షేమ సంఘం
(86 ఇళ్ల వారి సంతకాలు వేరే కాగితాల మీద)

జత చేసినవి: ఫోటోలు 5, వీడియోలు 5 పెన్‌డ్రైవ్‌లో (వాట్సాప్‌లో పంపితే తేదీ, సమయం వివరాలు పోతాయని ఫోన్ నుంచి నేరుగా ఎక్కించాం), మసి నమూనాలు 2, డాక్టరు చీటీల నకళ్లు 2, సంతకాల కాగితాలు 4.

నకలు: జిల్లా కలెక్టర్ గారికి, డీఎస్పీ గారికి (శబ్ద నియమాల కింద చర్య కోసం).