వీపు మీది కొవ్వు గడ్డ తీసిన తర్వాత ఇంటి దగ్గర తీసుకోవలసిన జాగ్రత్తలు

నమస్కారం. నిన్న, మార్చి 9 సోమవారం ఉదయం, మీ కుడి భుజం వెనుక ఉన్న కొవ్వు గడ్డను మత్తు సూది ఇచ్చి తీసి, అయిదు కుట్లు వేశాము. గాయం మీ వీపు మీద ఉంది కనుక దానిని మీరు చూసుకోలేరు. అందువల్ల ఈ సందేశాన్ని మీ భార్యకు గాని, అబ్బాయికి గాని చదివి వినిపించి, రోజూ ఒకే మనిషి, పగటి వెలుతురులో గాయాన్ని చూసేలా ఏర్పాటు చేసుకోండి. రోజుకొకరు చూస్తే నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలియదు.

కట్టును బుధవారం ఉదయం వరకు విప్పకండి, తడవనివ్వకండి. ఆ తర్వాత చూసే మనిషి ముందుగా సబ్బుతో చేతులు కడుక్కొని కట్టు తీసి, మామూలు సబ్బు నీళ్లతో గాయాన్ని మెల్లగా కడిగి, ఉతికి ఎండబెట్టిన మెత్తటి గుడ్డతో రుద్దకుండా అద్ది, మేము ఇచ్చిన పొడి కట్టు వేయాలి. రోజుకు ఒకసారి ఇలా చేస్తే చాలు. స్నానం చేయవచ్చు గాని, చెరువులో, కాలువలో దిగవద్దు. గాయం మీద పసుపు, కాఫీ పొడి, పౌడరు, నాటు మందు, ఏదీ వేయకండి. 19వ తేదీన ఉగాది తలంటు పోసుకునేటప్పుడు కూడా నూనె కుట్ల మీదికి జారకుండా చూసుకోండి.

నొప్పికి పారాసిటమాల్ 650 మాత్రను, ఏదైనా తిన్న తర్వాత, అవసరమైతేనే, రోజుకు మూడు మించకుండా, ఒక మాత్రకూ మరొక మాత్రకూ కనీసం ఆరు గంటల ఎడంతో వేసుకోండి. శుభ్రంగా ఉన్న చిన్న గాయానికి యాంటీబయోటిక్ అవసరం లేదు కనుకే మేము రాయలేదు. మందుల షాపులో అడిగి మీరు కొనుక్కోవద్దు. షుగర్ మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా మానకండి, షుగర్ పెరిగితే గాయం మానడం ఆలస్యమవుతుంది, చీము పట్టే అవకాశమూ పెరుగుతుంది. బీడీ కూడా గాయాన్ని మాననివ్వదు.

పప్పు తింటే చీము పడుతుందని మీ అమ్మగారు నిన్న అన్నారు. పెద్దవారి మాట కాదనడం నాకూ ఇబ్బందే గాని, అది నిజం కాదు. గాయం పూడడానికి శరీరానికి మాంసకృత్తులు కావాలి కాబట్టి పప్పు, గుడ్డు, పెరుగు, చేపలు అన్నీ తినవచ్చు. పథ్యం పేరుతో చారన్నంతో సరిపెట్టుకోకండి.

కుట్లు తీసేవరకు బస్తాలు మోయడం, నీళ్ల బిందెలు ఎత్తడం, స్ప్రేయరు భుజానికి తగిలించుకొని మందు కొట్టడం మానండి. చేయి చాచి లాగే పని చేస్తే కుట్ల మీద బిగువు పడి గాయం విడిపోవచ్చు. పడుకున్నప్పుడు ఎడమ పక్కకు తిరిగి పడుకోండి.

మొదటి రెండు, మూడు రోజులు కాస్త నొప్పి, కమిలిన రంగు, కుట్ల అంచున సన్నని ఎరుపు, కట్టు మీద రెండు మూడు రక్తపు మరకలు ఉండటం మామూలే. గడ్డ తీసిన చోట ఖాళీ ఉంటుంది కనుక అక్కడ నీరు చేరి మెత్తగా ఉబ్బవచ్చు. భయపడనక్కరలేదు గాని, పిండకుండా ఫొటో తీసి ఈ నంబరుకే పంపండి.

రక్తం ఆగకుండా కారితే శుభ్రమైన గుడ్డ పెట్టి, మధ్యలో ఎత్తి చూడకుండా, గడియారం చూసుకుంటూ పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టండి. అప్పటికీ ఆగకపోతే, అదిమి పట్టే ఉంచి వెంటనే దగ్గరలోని ఆసుపత్రికి వెళ్లండి.

మూడో రోజు దాటాక నొప్పి తగ్గవలసింది పోయి పెరుగుతున్నా, ఎరుపు పక్కలకు పాకుతున్నా, ముట్టుకుంటే వేడిగా ఉన్నా, చీము గాని చెడు వాసన గాని వచ్చినా, కుట్లు విడిపోయినా, జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, చలితో వణుకు వచ్చినా అదే రోజు రండి. ఎరుపు అంచు చుట్టూ పెన్నుతో గీత గీసి ఉంచితే అది గీత దాటిందో లేదో మాకు తెలుస్తుంది. రాత్రి అయితే తెల్లవారేదాకా ఆగకుండా అందుబాటులో ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. ఊపిరి అందకపోయినా, పెదవులు, ముఖం వాచినా, స్పృహ తప్పినా మాకు ఫోన్ చేస్తూ సమయం పోగొట్టుకోకుండా 108కి చేయండి.

అంతా బాగానే ఉన్నా గురువారం సాయంత్రం 5 గంటలకు వీడియో కాల్ చేస్తాము. ఆ సమయానికి గాయం చూసే మనిషి మీ పక్కన ఉండాలి. కుట్లు తీయడానికి మార్చి 21 శనివారం ఉదయం 9 నుంచి 1 గంట లోపల ఓపీకి రండి. కుట్లను ఊళ్లో ఎవరిచేతా తీయించుకోవద్దు. తీసిన గడ్డను పరీక్షకు పంపాము, ఆ రిపోర్టు కూడా అదే రోజు మీకు చూపించి వివరిస్తాము.