శ్రీలతా, నీ మెసేజీలన్నీ కంప్లైంట్‌గా మార్చి పెట్టా, చదువు

శ్రీలతా, మన రొయ్యల ప్లాంట్ సూపర్‌వైజర్ పెంచలయ్య మీద నిన్న రాత్రి నువ్వు పంపిన మెసేజీలు, ఆ రెండు వాయిస్‌లు, గ్రూపులో మస్తానమ్మోళ్ళు వేసినవి మొత్తం చూశా. మీ బావ అన్నం పెట్టమని రెండుసార్లు అడిగినా లేవలా. ఒక మాట చెప్తా, కోపం తెచ్చుకోబాక. ఇట్టే తీసుకెళ్ళి హెచ్ఆర్ సార్ ముందర పెడితే ఆయన మొదటి పేజీలోనే "ఏందమ్మా ఇదంతా, ఆడోళ్ళ గొడవలు" అని పక్కన పెట్టేస్తాడు, అసలు సంగతి నాలుగో పేజీలో ఉండాది. అందుకని నేనే కూర్చుని మార్చా.

ఫస్ట్ నువ్వు రాసింది: "ఆ పెంచలయ్యకి ఆడోళ్ళంటే లెక్కేలేదక్కా, మదం పట్టి ఉండాడు, రోజూ అందరి ముందర బూతులే బూతులు". మదం ఉండాదో లేదో మనకెట్టా తెలస్తది పాపా, అది తీసేశా. రోజూ అన్నావు, తేదీ అడిగితే ఒక్కటే చెప్పావు. ఆ ఒక్కటే ఇట్టా రాశా:

"2025 జులై 3, గురువారం మధ్యాహ్నం సుమారు 3.15కి గ్రేడింగ్ టేబుల్ దగ్గర నేను చూసే 40 కౌంట్ ట్రేలో కొన్ని 50 కౌంట్ రొయ్యలు కలిసిపోయాయి. షిఫ్ట్ సూపర్‌వైజర్ పెంచలయ్య గారు అది చూసి గట్టిగా 'నీకు కళ్ళు దొబ్బాయా, పోయి గాడిదల్ని కాసుకో' అని నాతో అన్నారు. ఆ టైంలో టేబుల్ చుట్టూ సుమారు 8 మంది ఉన్నారు. మస్తానమ్మ, సుబ్బరత్నం ఈ మాటలు విన్నారు."

బూతులు అని రాస్తే ఏం బూతులు అని అడుగుతారు, కాబట్టి నోటి మాట ఉన్నదున్నట్టే పెట్టా, సిగ్గుపడబాక. కౌంట్ కలిసిన సంగతి ఎందుకు రాశానంటావా, అది నిజం కాబట్టి, నువ్వు దాచి ఆయన చెప్తే మిగతాదంతా అబద్ధం లెక్కలోకి పోద్ది. ఇంకోటి, "గారు" తీసేయమని మాత్రం అడగబాక.

తర్వాత ఓటీ. "మా ఓటీ డబ్బులు మింగి బండి కొన్నాడు" అన్నావు. బండి ఎట్టా కొన్నాడో మనకెందుకు, లోన్ మీద కొనుండొచ్చు. నీ చేతిలో ఉండేది పే స్లిప్, అంతే:

"జులై 12, 19, 26 శనివారాల్లో షిఫ్ట్ సాయంత్రం 5.30కి అయిన తర్వాత రాత్రి 8 గంటల దాకా పనిచేశాను. నా లెక్కలో మొత్తం 7.5 గంటలు. జులై పే స్లిప్‌లో ఓటీ 2 గంటలు మాత్రమే చూపించారు. సెక్షన్‌లో ఓటీ రిజిస్టర్ పెంచలయ్య గారు రాస్తారు. ఈ తేడా ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. గేటు పంచింగ్‌తో సరిచూడమని కోరుతున్నాను."

తప్పు రిజిస్టర్‌లో జరిగిందో అకౌంట్స్‌లో జరిగిందో చెప్పాల్సింది వాళ్ళు. ఫ్యాక్టరీలో ఓటీకి రెట్టింపు జీతం ఇవ్వాలని చట్టంలోనే ఉండాది, కాబట్టి అయిదున్నర గంటలంటే నీకు చిన్న డబ్బేం కాదు.

రొట్టెల పండగ సంగతికి వస్తే, "స్వర్ణాల చెరువు కాడికి పోయొచ్చినందుకు కక్ష గట్టి చిల్ రూంలో పడేశాడు" అని రాశావు. కక్ష ఆయన కడుపులో మాట. ఇట్టా అయితే సరిపోద్ది:

"జులై 7న నేను లీవ్ తీసుకున్నాను, దానికి హెచ్ఆర్ అనుమతి ఉంది. జులై 10 నుంచి నన్ను క్వాలిటీ టేబుల్ నుంచి చిల్ రూంకి మార్చారు. మార్పుకి కారణం చెప్పలేదు, కాగితం ఇవ్వలేదు."

మూడు రోజుల తేడా చూస్తే చదివేవాళ్ళకే అర్థమవుతుంది.

ఇప్పుడు అసలుది. నువ్వు దీన్ని చివర్లో "రాత్రిళ్ళు పిచ్చి పిచ్చి ఫోన్లు కూడాలే" అని ఒక్క ముక్కలో తేల్చేశావు, నాకు ఒళ్ళు మండింది నిజంగా. దీన్నే ముందు పెట్టాల, నేను కాగితంలో మొదటిదిగా పెట్టా. కాల్ లాగ్ ఫోటో నువ్వు పంపింది చూసే రాశా, రోజూ కాదు, మూడు రోజులే:

"ఆగస్టు 5, మంగళవారం రాత్రి 10.42కి పెంచలయ్య గారి నంబరు నుంచి నాకు వాట్సాప్ కాల్ వచ్చింది, నేను తీయలేదు. 10.44కి 'నిద్రపోయావా, ఒక ఫోటో పెట్టు' అని మెసేజ్ వచ్చింది. ఆగస్టు 7 రాత్రి 11.05కి కాల్ తీశాను. 'మీ ఆయన ఇంట్లో లేడా' అని అడిగారు. పని సంగతి అయితే రేపు మాట్లాడండి అని కట్ చేశాను. ఆగస్టు 9 రాత్రి 10.50కి రెండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. ఆగస్టు 5 నాటి మెసేజ్ నా ఫోన్‌లో ఇప్పుడు లేదు, భయపడి డిలీట్ చేశాను. దాని స్క్రీన్‌షాట్ ఆగస్టు 6న మస్తానమ్మకి పంపాను, అది జతచేస్తున్నాను."

డిలీట్ చేసింది దాచబాక, మనమే చెప్తే పోద్ది. ఇది హెచ్ఆర్‌తో ఆగేది కాదు, ఇంటర్నల్ కమిటీకి పోవాల. పది మంది కంటే తక్కువ కానిచోట కమిటీ ఉండాలని, పనిచేసే చోట ఆడోళ్ళ మీద లైంగిక వేధింపుల గురించిన 2013 చట్టంలో ఉండాది, మన ప్లాంట్‌లో ఆడోళ్ళే అంతకు ఎన్నో రెట్లు. జరిగిన మూడు నెలల్లోపల రాసివ్వాలంట, మనకి టైం ఉండాది గానీ నానబెట్టబాక. ఇంకా ఆ చట్టంలో ఈ సంగతి బయట పెట్టకూడదని ఉండాది, కాబట్టి గ్రూపులో ఇక ఒక్క ముక్క వేయబాకండి, మస్తానమ్మకి గట్టిగా చెప్పు.

తీసేసినవి కూడా చెప్తా, తర్వాత "అక్కా అది ఏది" అనబాక. అకౌంట్స్ పాపతో ఏందో ఉండాదంట అన్నది ముగ్గురు మూడు రకాలుగా రాశారు, కళ్ళారా చూసినోళ్ళు ఒక్కరు లేరు, ఆ పిల్ల పరువు మన కాగితంలోకి ఎందుకబ్బా. తాగొస్తాడు అన్నది వాసన తగిలింది సుబ్బరత్నానికి, నీకు కాదు, తను చెప్పదల్చుకుంటే తన చేత్తో తను రాసుకోవాల. గూడూరులో అప్పులు, మొదటి పెళ్ళాం, ఇవన్నీ చెత్తబుట్టకే.

చివర్లో అడిగేది ఇంతే పెట్టా: "విచారణ జరిగేదాకా నన్ను ఆయన షిఫ్ట్ నుంచి మార్చండి. రాత్రిపూట కాల్స్ ఆపించండి. ఓటీ లెక్క సరిచూడండి. పై సంగతుల్లో నేను స్వయంగా చూసినవీ విన్నవీ మాత్రమే రాశాను." డిస్మిస్ చేయండి అని రాయలా, అది వాళ్ళ పని.

ఒక్కటి మాత్రం నువ్వు సరిచూసి చెప్పు. 19వ తేదీ నిజంగా ఎనిమిది దాకా ఉండావా? ఆ రోజు వాన అని కంపెనీ బస్సు ఏడింటికే తీశారని నాకు గుర్తు. అట్టయితే ఆరున్నర గంటలవుద్ది, ముందు అది మార్చి అప్పుడు ప్రింట్ తీద్దాం.