నలభై ఏళ్ల ఆల్బమ్: అమ్మా నాన్నల పెళ్లిరోజుకు స్లైడ్‌షో

తమ్ముడూ, శనివారం ల్యాప్‌టాప్ దగ్గర నువ్వే కూర్చోవాలి. మొత్తం పన్నెండు ఫోటోలు, మూడున్నర నిమిషాలు. ఎగురుతూ, గింగిరాలు తిరుగుతూ వచ్చే ఫోటోలు వద్దు, అమ్మకు కళ్లు తిరుగుతాయి. ఒకటి మెల్లగా కరుగుతుండగా రెండోది తేలాలి, అంతే. పెళ్లి ఫోటోలకు సన్నాయి, తరువాత వీణ. శబ్దం తక్కువగా పెట్టు. ఎలాగూ అత్తయ్యలు మాట్లాడుతూనే ఉంటారు.

మొదటి తెర. నలుపు మీద తెల్ల అక్షరాలు:
1985 మే – 2025 మే
ఫోటోలు: నాన్న
వంకలు: అమ్మ

ఫోటో 1. పెళ్లిచూపులకు ముందు స్టూడియోలో తీయించిన అమ్మ ఫోటో, నలుపు తెలుపు.
“కొంచెం నవ్వమ్మా అన్నారట స్టూడియో ఆయన. ఇది నవ్వేనట.”
మూడు సెకన్లలో కరగాలి. సన్నాయి ఇక్కడే మొదలు.

ఫోటో 2. జీలకర్ర బెల్లం.
“నెత్తిన ఒకరి చెయ్యి ఒకరికి ఉంది కాబట్టి సరిపోయింది. నాన్న కదలకుండా ఉన్న ఫోటో ఇదొక్కటే.”

ఫోటో 3. తలంబ్రాలు. రంగు వెలిసి ఎర్రబడింది, సరిచేయకు, అలాగే ఉండనీ.
“గెలిచింది ఎవరో నాన్న కళ్లజోడు మీది బియ్యాన్ని అడగండి.”

ఫోటో 4. అన్నవరంలో వ్రతం అయ్యాక, రత్నగిరి మెట్ల మీద.
“అమ్మ చేతిలో ప్రసాదం పొట్లం. నాన్న చేతిలో ఖాళీ విస్తరాకు.”
సన్నాయి తగ్గుతూ ఆగిపోవాలి. తెర నల్లబడాలి. నాలుగు సెకన్లు ఈ మాటలు మాత్రమే:
“1986. నాన్న కెమెరా కొన్నారు. ఇక నాన్న కనబడరు.”

ఫోటో 5. రాజమండ్రి గట్టు మీద అమ్మ, వెనుక ఎర్రటి నీళ్లు. ఇది ఇరవై సెకన్లు ఉంచు, పెద్దమామయ్యకు చూసే తీరిక ఇవ్వాలి. ఆ వరద కబుర్లు ఆయనే అందుకుంటాడు.
“1986 ఆగస్టు. గోదావరికి పెద్ద వరద. అమ్మకు ఏడో నెల. ‘ఇంటికి పోదాం పదండి’ అని అమ్మ, ‘ఇంకొక్కటి’ అని నాన్న. మబ్బు పట్టింది కాబట్టి నాన్న నీడ కూడా పడలేదు.”

ఫోటో 6. నా బారసాల. ఉయ్యాల కనబడుతుంది, నేను కనబడను.
“లోపల ఉందని నమ్మండి.”

ఫోటో 7. 1991 పుష్కరాలు. రేవు మెట్ల మీద అమ్మ తడి కొంగుతో, చంకలో నువ్వు, వేలు పట్టుకుని నేను. ముందు అమ్మ ముఖం దగ్గర ఆగి, అక్కడి నుంచి మెల్లగా కిందికి జారి, మెట్ల మీద పడిన నీడ దగ్గర నిలబెట్టు. రెండు మోచేతులు, మధ్యలో కెమెరా. నీడ స్పష్టంగా కనబడ్డాకే రాత రావాలి:
“ఇదిగో, నాన్న.”
తొందరపడకు.

ఫోటో 8. కొత్త స్కూటరు. పసుపు, కుంకుమ, చక్రం కింద నిమ్మకాయ.
“నీడ కోసం కుడివైపు గోడ మీద చూడండి.”

ఫోటోలు 9, 10. మన ఇద్దరి పెళ్లిళ్లు. వీటికి రాత వద్దు, చెరో ఎనిమిది సెకన్లు చాలు. ఇది మన పండుగ కాదు.

ఫోటో 11. 2015 పుష్కరాలు, అదే రేవు. దీన్ని విడిగా చూపకు. 7వ ఫోటోను మళ్లీ తెచ్చి దాని మీదే కరిగించు, అమ్మ నిలబడిన చోటు దాదాపు కలుస్తుంది.
“కెమెరా పోయి ఫోను వచ్చింది. మోచేతులు అవే.”
వీణ ఇక్కడితో ఆపు.

ఫోటో 12. ఇది 1991 నాటిదే అయినా వరుస తప్పించి కావాలనే చివర పెట్టాను. నాన్న అడిగితే నేనే పెట్టానని చెప్పు. నలభై ఏళ్లలో అమ్మ తీసిన ఫోటో ఇదొక్కటే. చొక్కా, చేతిలో కొబ్బరికాయ, కాళ్లు, బోలెడంత ఆకాశం ఉన్నాయి. మనిషి కొంచెం వంకరగా ఉన్నాడు, తల మాత్రం లేదు.
“రీలు దండగ చేశానని అమ్మ ఇప్పటికీ అంటుంది.”
అయిదు సెకన్ల తరువాత అదే ఫోటో వెనుక వైపు. నీలి సిరాతో నాన్న రాసింది చదవగలిగేంత పెద్దగా:
“తీసినది: మా ఆవిడ. చాలా బాగా వచ్చింది.”

దీని తరువాత తెర మార్చకు. పిన్ని వెళ్లి లైట్లు వేసేదాకా అలాగే ఉండనీ.