యొలున్ అచిక్ ఒల్సున్, శారదా

విజయవాడ,
ఆదివారం

ప్రియమైన శారదకు,

గురువారం రాత్రి శంషాబాదులో నిన్ను సాగనంపాలని ఎంతగా అనుకున్నా, మా అత్తయ్యగారి కంటి ఆపరేషను సరిగ్గా ఆ రోజుకే పడటంతో నేను ఇక్కడి నుంచి కదలలేకపోతున్నాను. అందుకే గుమ్మం దగ్గర నిలబడి చెప్పవలసిన మాటలన్నీ ఈ ఉత్తరంలో పెట్టి పంపుతున్నాను. నువ్వు వెళ్ళేది అంకారాకు కాబట్టి, మేము అక్కడ కాపురమున్న రోజుల్లో ఇరుగుపొరుగుల నోట నేర్చుకున్న ప్రయాణ దీవెనలను వాళ్ళ టర్కిష్ భాషలోనే చెబుతాను. రేపు అవే మాటలు నీకు ఎదురైనప్పుడు కొత్తగా ఉండవు.

మొదటిది, అందరూ అనేది: ఇయి యొల్జులుక్లర్. ప్రయాణం చక్కగా సాగాలని దాని భావం. బస్సు టికెట్టు ఇచ్చే మనిషి కూడా ఆ మాట అంటాడు కనుక, మన మధ్య అది కాస్త పొడిగా ఉంటుంది. నేను మనసారా అనేది యొలున్ అచిక్ ఒల్సున్. నీ దారి తెరుచుకుని ఉండుగాక. ఈ దారి అంటే విమానం దిగేదాకా ఉన్నది మాత్రమే కాదు. ఇకామెత్ అనే నివాస అనుమతి కాగితాల కోసం నువ్వు నిలబడబోయే వరుసలు, ఇల్లు వెదుక్కునే వీధులు, నీ పరిశోధన నడవవలసిన రెండేళ్ళు, అన్నీ అందులోకే వస్తాయి. వాటిలో ఏదీ నిన్ను అడ్డగించకూడదని నా కోరిక.

వాళ్ళలో వెళ్ళేవారి మాట వేరు, ఉండిపోయేవారి మాట వేరు. గ్యులె గ్యులె అనే హక్కు ఇక్కడ నిలబడిపోయే నాది. నవ్వుతూ నవ్వుతూ వెళ్ళమని దానికి అర్థం. బదులుగా నువ్వు హొష్చా కల్ అనాలి, అంటే హాయిగా ఉండు అని. మనం "వెళ్తాను" అనకుండా "వెళ్ళొస్తాను" అన్నట్టే, తిరిగి రావడాన్ని వాళ్ళు కూడా సాగనంపేటప్పుడే మాటలో కలిపేస్తారు: గ్యులె గ్యులె గిత్, గ్యులె గ్యులె గెల్. నవ్వుతూ వెళ్ళు, నవ్వుతూ రా. మన "క్షేమంగా వెళ్ళి లాభంగా రండి" అన్న మాటలో లాభం ఉన్న చోట వాళ్ళు నవ్వు పెట్టారు. నాకైతే రెండూ కావాలి.

నాకు అన్నిటికంటె ఇష్టమైనది సు గిబి గిత్, సు గిబి గెల్. నీళ్ళలా వెళ్ళు, నీళ్ళలా రా. ఇది నోటితో అని ఊరుకునే దీవెన కాదు. బండి కదలగానే వెనక రోడ్డు మీద నీళ్ళు పోస్తారు. మేము తిరుగు ప్రయాణమైన ఉదయం, మూడో అంతస్తులో ఉండే పెద్దావిడ పూల చెట్లకు పోసే ప్లాస్టిక్ చెంబు పట్టుకుని చెప్పులతోనే మెట్లు దిగి వచ్చారు. టాక్సీ పది గజాలు పోయాక నేను వెనక్కి తిరిగి చూస్తే, ఆవిడ అంచు దాకా నింపిన ఆ నీళ్ళను ఒక్క విసురుతో పోసేసి, తడిసిన చేతిని కోటుకు తుడుచుకుంటూ ఊపుతున్నారు. మన ఊళ్ళో బయలుదేరేవారికి నీళ్ళబిందెతో ఎదురు వస్తే శుభమంటారు. అక్కడ వెనక నుంచి పోస్తారు, అంతే తేడా. గురువారం మీ కారు వీధి మలుపు తిరగకముందే వెనకాల ఒక చెంబెడు నీళ్ళు పోయమని మీ తమ్ముడికి నా తరఫున చెప్పు. వాచ్‌మన్ ఏమైనా అనుకుంటే అనుకోనీ.

ఇక పిన్నికి చెప్పవలసిన మాట ఒకటి ఉంది. మన దగ్గర దీవెనలన్నీ ప్రయాణమయ్యేవారికే దక్కుతాయి, ఇంట్లో మిగిలిపోయేవారిని "బెంగపెట్టుకోకండి" అని సరిపెడతాము. టర్కీలో అలా కాదు. కూతురిని దూరదేశం పంపిన తల్లిని పలకరించడానికి వచ్చిన ప్రతివారూ అల్లాహ్ కవుష్తుర్సున్ అంటారు. దేవుడు మిమ్మల్ని మళ్ళీ కలుపుగాక అని. బెంగ పడవద్దని చెప్పకుండా, బెంగ ఉంటుందని ఒప్పుకొని, దాని చివర ఏముండాలో చెప్పే మాట కనుక నాకు అది మర్యాదగా తోస్తుంది. నువ్వు వెళ్ళిన మర్నాడు నేను పిన్నికి ఫోను చేసి ఇదే చెబుతాను. మాత్రలు వేళకు వేసుకునేలా చూడటం, బ్యాంకు పనులకు తోడు వెళ్ళడం మీ తమ్ముడూ నేనూ చూసుకుంటాము. కాబట్టి గొజున్ అర్కదా కల్మసిన్, నీ చూపు వెనకే ఉండిపోకూడదు.

ఇస్తాంబుల్‌లో రెండు రోజులు ఆగి, పుస్తకాల బరువు వల్ల అంకారాకు బస్సులో వెళ్తానన్నావు. దాదాపు 450 కిలోమీటర్ల ఆ దారికి కజాసిజ్ బెలాసిజ్ అని దీవిస్తున్నాను: ప్రమాదమూ ఆపదా లేకుండా. బస్సులో సహాయకుడు నిమ్మ వాసన వేసే కొలొన్యా సీసాతో వస్తే రెండు అరచేతులూ దోసిలిగా పట్టు. అది తాగడానికి కాదు, చేతులకూ మెడకూ రాసుకోవడానికి. బొలు కొండల దగ్గర చలి ఒక్కసారిగా కొడుతుంది, శాలువా పెట్టెలో అడుగున పెట్టేయకు.

సిహ్హియేలో నీ ఫాకల్టీ మెట్లెక్కిన రోజుకు కొలాయ్ గెల్సిన్ అని ఇప్పుడే అనేస్తున్నాను, పని సులువుగా సాగాలని. ఆ భవనం జర్మన్ వాస్తుశిల్పి బ్రూనో టౌట్ గీసినది, ఆ ఫాకల్టీలో 1930ల నుంచీ సంస్కృతం చెబుతున్నారు. నీలాంటి పాణినీయురాలికి అక్కడ మాట్లాడేవారు దొరకకపోరు. ఎవరైనా హొష్ గెల్దిన్ అని ఆహ్వానిస్తే, ధన్యవాదాలకు ముందు హొష్ బుల్దుక్ అను. ఆ బదులు విన్నాక వాళ్ళ మొహం ఎలా విచ్చుకుంటుందో నువ్వే చూస్తావు.

చివరగా పెద్దవాళ్ళు అనేది: అల్లాహా ఎమానెత్ ఒల్. నిన్ను దేవుడికి అప్పగిస్తున్నానని. మన పాత రెవెన్యూ కాగితాల్లో కనిపించే అమానతు కూడా అరబ్బీ నుంచి వచ్చిన ఈ మాటే, కాబట్టి నీకు పరాయిగా అనిపించదు. నువ్వు ఏ దేవుణ్ణి తలచుకున్నా సరే. అప్పగించిన సొత్తు చెక్కుచెదరకుండా తిరిగి చేతికి రావాలన్నదే నా ప్రార్థన.

దిగగానే పెద్ద సందేశం రాయనక్కరలేదు. సా సాలిమ్ వర్దిమ్, క్షేమంగా చేరానని, ఆ మూడు ముక్కలు పంపు. అక్కడి గడియారం మనకంటె రెండున్నర గంటలు వెనక కనుక, నీకు తెల్లవారకముందే నేను లేచి ఉంటాను. పిన్నికి మాత్రం సందేశం కాదు, ఫోనే చెయ్యి.

గ్యులె గ్యులె గిత్, గ్యులె గ్యులె గెల్.

నీ
సుజాత