కుర్చీ ఉద్యోగికి ఎనిమిది వారాల ఇంటి కసరత్తు

ఇది భీమవరంలో పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా కుర్చీలో కూర్చునే, నలభై ఏళ్ల దగ్గర్లో ఉన్న, ఎప్పుడూ కసరత్తు చేయని ఉద్యోగి కోసం రాసిన పట్టిక. కావలసినవి గోడ, మంచం, కుర్చీ, ఒక గుడ్డ సంచి. బీపీ, గుండె జబ్బు, పాత నడుం నొప్పి, మోకాలి ఆపరేషన్ లాంటివి ఉంటే ముందు డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టండి.

సోమ, బుధ, శుక్ర వారాల్లో అరగంట చాలు. మధ్య రోజుల్లో నడవండి. మన దగ్గర ఉక్కపోత కాబట్టి పొద్దున ఆరింటికే మొదలెట్టడం మేలు. చెమట చుక్కలు పడితే టైల్స్ జారతాయి, కింద చాప కాదు, తడి పీల్చే దుప్పటి వేసి చివర్లు మంచం కోళ్ల కింద నొక్కిపెట్టండి. లుంగీతో బస్కీలు వద్దు, నిక్కరు వేసుకోండి. ముందు ఐదు నిమిషాలు ఉన్నచోటే నడక, భుజాలు తిప్పడం, పది సార్లు నడుం వంచి లేవడం.

1, 2 వారాలు. ప్రతిదీ రెండు విడతలు, విడతకీ విడతకీ మధ్య ఒక నిమిషంన్నర విశ్రాంతి.

కుర్చీ బస్కీలు 8. కుర్చీని గోడకి ఆనించండి, ప్లాస్టిక్ కుర్చీ అయితే తప్పనిసరిగా, లేకపోతే వెనక్కి జారుతుంది. పాదాలు భుజాల వెడల్పున పెట్టి, తుంటిని వెనక్కి నెడుతూ మూడు లెక్కపెట్టేంత నెమ్మదిగా దిగండి. కుర్చీ తగలగానే లేవాలి, కూలబడకూడదు. ఇక్కడ ఎక్కువ మంది చేసే తప్పు మోకాళ్లు లోపలికి ముడుచుకోవడం. అవి కాలి వేళ్ల వైపే చూడాలి. మడమలు లేస్తుంటే పాదాలు ఇంకాస్త ఎడం పెట్టండి, లేదా దిగే లోతు తగ్గించండి. లేవడమే రాకపోతే కుర్చీలో రెండు దిళ్లు వేసి ఎత్తు పెంచండి.

గోడ దండీలు 8. గోడకి చెయ్యి చాచినంత దూరంలో నిలబడి అరచేతులు ఛాతీ ఎత్తున ఆనించండి. తల నుంచి మడమ దాకా ఒకే గీత. నడుం కిందకి జారిందంటే పిరుదులు బిగించడం మరిచారన్నమాట. మోచేతులు రెండు పక్కలకీ రెక్కల్లా చాచొద్దు, పక్కటెముకలకి కొంచెం దగ్గరగా ఉంచండి, లేకపోతే భుజం నొప్పి రావచ్చు.

సంచి లాగుడు, చేతికి 8. కంప్యూటర్ ముందు ముందుకు వంగే భుజాలకి ఇదే ముఖ్యం, దీన్ని వదిలేసి దండీలే చేయొద్దు. రెండు లీటర్ల నీళ్ల సీసాలు రెండు సంచిలో వేస్తే నాలుగు కిలోలు. ఒక చెయ్యి మంచం మీద ఆనించి, వీపు చదునుగా ఉంచి, రెండో చేత్తో సంచి పట్టుకుని ఆ మోచేతిని తుంటి వైపు లాగండి. తలుపు పిడికి తువ్వాలు కట్టి లాగే పద్ధతి మాత్రం వద్దు, పాత తలుపుల కీళ్లు ఊడొస్తాయి.

వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి తుంటి ఎత్తడం 10. చివరగా మోచేతుల మీద, మోకాళ్లు ఆనించి, ఒళ్లు కర్రలా నిటారుగా నిలిపే ప్లాంక్ 15 సెకన్లు. శ్వాస బిగబట్టొద్దు, లేచేటప్పుడు, లాగేటప్పుడు వదలండి.

3, 4 వారాలు. అన్నీ మూడు విడతలు, 10 చొప్పున. ప్లాంక్ మోకాళ్లు లేపి 15 సెకన్లు. దండీలు గోడ నుంచి కిటికీ అరుగు మీదకి మార్చండి, అది కదలకూడదు.

5, 6 వారాలు. కుర్చీ తీసేసి బస్కీలు. దండీలు మంచం పట్టె మీద, 6 నుంచి మొదలు. సంచిలో ఐదు కిలోల బియ్యం. ప్లాంక్ 25 సెకన్లు.

7, 8 వారాలు. ఒక కాలు ముందుకి, ఒకటి వెనక్కి పెట్టి దిగే బస్కీలు, కాలికి 6. ఊగితే గోడ పట్టుకోండి. దండీలు నేల మీద. అవి రాకపోతే దిగడం మాత్రం నాలుగు లెక్కలకి చేసి, మోకాళ్ల మీద లేవండి. ఐదు వస్తే చాలు. రాకపోయినా మంచం మీద 12 వస్తే బాగున్నట్టే.

క్యాలెండర్ కన్నా మీ లెక్కే ముఖ్యం. ఆ మెట్టులోని అన్ని విడతల్లోనూ 12 చొప్పున వరుసగా రెండు కసరత్తు రోజులు వస్తేనే తర్వాతి మెట్టు ఎక్కండి. ప్రతి విడతా ఇంకా రెండు చేయగలననిపించేటప్పుడే ఆపండి. మొదటి వారం తొడలు రెండు రోజులు పట్టేస్తాయి, అది మామూలే. కీలులో సూదిలా పొడిస్తే మాత్రం ఆ కసరత్తు ఆపాలి. సంక్రాంతికో పెళ్లికో వారం పోతే ఒక మెట్టు దిగి మొదలెట్టండి, పోయిన రోజులన్నీ ఒకేసారి తీర్చడానికి చూడొద్దు.

తిండిలో పప్పు, గుడ్డు, చేప ఏదో ఒకటి పూటపూటా పడాలి. గుడ్డుకి సుమారు ఆరు గ్రాముల ప్రొటీన్. చారన్నంతో సరిపెట్టిన రోజున కండకి అందేది తక్కువే. ఎనిమిది వారాలు అయ్యాక సంచి బరువు రెండు కిలోలు పెంచి, ఏడో వారం నుంచి మళ్లీ ఎత్తుకోండి.