విషయం: పీహెచ్‌డీ పర్యవేక్షణ కోసం అభ్యర్థన – గజపతి జిల్లాలో ఒడియా లిపిలో తెలుగు రాత

నమస్కారం మేడమ్,

నా పేరు సుజాత. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. విశాఖపట్నంలో భాషాశాస్త్రం ఎం.ఏ. చేశాను. నెట్ పాసయ్యాను గాని జేఆర్‌ఎఫ్ రాలేదు. ప్రస్తుతం మా ఊళ్లోనే ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. మీ దగ్గర పీహెచ్‌డీ చేసే అవకాశం ఉంటుందేమో అడుగుదామని రాస్తున్నాను.

నా అంశం మా అమ్మ సరుకుల చీటీతో మొదలైంది. అమ్మ మాట్లాడేది తెలుగు, చదివింది ఒడియా మీడియం. అందుకే చీటీలో మాటలు తెలుగువి, అక్షరాలు ఒడియావి. మా ఊరు 1936లో ఒడిశాలో కలిసింది. ఇప్పటికీ చాలా ఇళ్లలో మాట తెలుగే, రాత మాత్రం ఇలా.

ఒడియాలో ఎ, ఏలకు ఒకటే అక్షరం. ఒ, ఓలకూ అంతే. దాంతో 'వెళ్ళు', 'వేళ్ళు' ఒకేలా పడతాయి. 'వ'కు వేరే అక్షరం ఉన్నా కొందరు 'బ'తోనే సరిపెట్టేస్తారు. మొన్న పిన్ని వాట్సాప్‌లో 'రేపు వస్తా' అని పెడితే, మా తమ్ముడు 'ఏం బస్తా పిన్నీ?' అని తిరిగి అడిగాడు. అమ్మ చీటీలో ఇలాంటి తికమక తక్కువ. దీర్ఘం కావాల్సిన చోట అక్షరం పక్కన సన్న గీత పెడుతుంది. ఎవరు నేర్పారంటే, 'ఎవరు నేర్పుతారు, అలవాటు' అంటుంది. పక్కింటి అత్త ఆ గీత పెట్టదు, అయినా ఆవిడ చీటీ ఆవిడ కోడలు గడగడా చదివేస్తుంది.

ఈ లోటును ఎవరు ఎలా పూడ్చుకుంటున్నారు? ఆ పద్ధతి ఒక ఇంట్లోనే ఆగిపోతుందా, ఇరుగుపొరుగుకూ పాకుతుందా? తెలుగు లిపి కూడా వచ్చినవాళ్ల రాత వేరుగా ఉంటుందా? నేను తేల్చాలనుకుంటున్నది ఇదే. ఇప్పటికి 64 చీటీలు, రెండు పెళ్లిళ్ల చదివింపుల పద్దులు, అనుమతి తీసుకున్న కొన్ని మెసేజీలు పోగుచేశాను. పేర్లు, నంబర్లు చెరిపేశాను. తర్వాత 40 మందితో ఒకే మాటల జాబితా రాయించి, ఒకరి రాతను ఇంకొకరితో చదివించాలని ఆలోచన.

గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరు కాబట్టి మాకు వాడుక భాష మీద కొంచెం గర్వం ఎక్కువే. వాడుక రాత సంగతి మాత్రం ఎవరూ పట్టించుకున్నట్టు నాకు కనబడలేదు. పోయినేడు ఒక సదస్సులో పిల్లల అక్షర దోషాల గురించి మీరు మాట్లాడినప్పుడు వెనక వరుసలో ఉన్నాను. ఈ పనికి మీరైతే బాగుంటుందని అప్పుడే అనిపించింది.

గణాంకాల్లో నేను బలహీనురాలిని, ముందే చెబుతున్నాను. ఒడియా చదవడం, రాయడం బాగా వచ్చు.

రెండు పేజీల ప్రతిపాదన, ఆరు చీటీల ఫొటోలు జతచేశాను. ఈసారి నోటిఫికేషన్‌కు మీ దగ్గర ఖాళీ ఉందో లేదో చెబితే దాన్ని బట్టి అప్లై చేస్తాను. లేకపోయినా, అంశంలో ఎక్కడ తప్పుతున్నానో ఒక మాట రాస్తే చాలు. సాయంత్రం నాలుగు దాటాక ఎప్పుడైనా ఫోన్‌లో మాట్లాడగలను.

ఇట్లు,
సుజాత
పర్లాకిమిడి, గజపతి జిల్లా