ఎమర్జెన్సీ మెడిసినే ఎందుకు

సార్, మేడమ్, నమస్తే. ఎంబీబీఎస్ అయ్యి, హౌస్ సర్జన్సీ శ్రీకాకుళం జిల్లాలో చేశాను, ఇప్పుడు మీ మూడేళ్ళ ఎమర్జెన్సీ మెడిసిన్ ట్రైనింగ్‌కి అప్లై చేస్తున్నాను. మా ఇంట్లో అందరూ రేడియాలజీ తీసుకోమన్నారు, నైట్ డ్యూటీలు తక్కువ కదా అని. నాకు మాత్రం క్యాజువాలిటీయే కావాలి, దానికి కారణం ఒక పేషెంట్.

వరి ఊడ్పుల టైమ్, తెల్లవారుజామున ఒకావిడని ఆటోలో తీసుకొచ్చారు. రాత్రి కింద చాప మీద పడుకుంది, లేచేసరికి కడుపు నొప్పి, రెండు వాంతులు. ఊళ్ళో గ్యాస్ అనుకుని టాబ్లెట్ ఇచ్చారంట. మా దగ్గరికి వచ్చేసరికి కనురెప్పలు వాలిపోయాయి, మాట ముద్దగా వస్తోంది, ఉమ్ము మింగలేకపోతోంది. ఒళ్ళంతా వెతికినా కాటు కనబడలేదు, వాపు లేదు, 20 నిమిషాల క్లాటింగ్ టెస్ట్ కూడా నార్మలే. మా డ్యూటీ సార్ మాత్రం రెప్పలు చూడగానే కట్లపాము అన్నారు, 10 వయల్స్ యాంటీవీనమ్ మొదలుపెట్టించి, ఊపిరి బలం తగ్గుతోందని వెంటనే ట్యూబ్ వేసేశారు.

కాసేపటికి వేలు కూడా కదలలేదు, కనుపాపలు పెద్దవై లైట్ వేసినా చలనం లేదు. వాళ్ళాయన "అయిపోనాదా అమ్మా?" అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చేశాడు. అప్పుడు సార్ చెప్పింది నేనెప్పటికీ మర్చిపోను: కట్లపాము విషం నరాల చివర్లని దెబ్బ తీస్తుంది, మెదడుని కాదు, కనుపాపలు చూసి బ్రెయిన్ డెడ్ అనుకోకూడదు, ఈవిడకి అన్నీ వినబడుతుండొచ్చు, కాబట్టి సెడేషన్ ఆపొద్దు, ఏం చేసినా చెప్పి చెయ్యండి అని. అలా పడిపోయాక యాంటీవీనమ్ ఎంత ఇచ్చినా కండరాలు వెంటనే తిరిగిరావు, నరాల చివర్లు మళ్ళీ కోలుకునేదాకా ఊపిరి మనమే ఇవ్వాలి, అంతే. నేను సక్షన్ చేసే ప్రతిసారీ "అమ్మా, గొంతులో గళ్ళ తీస్తున్నాను, దగ్గొస్తాది, భయపడకు" అని చెవి దగ్గర చెప్పేదాన్ని.

మూడో రోజు కాలి బొటనవేలు కదిలింది. వారం తిరక్కుండానే ట్యూబ్ తీశాం, మొదటి మాటగా నా వైపు చూసి "గళ్ళ తీసిన పాప నువ్వేనా" అంది.

స్కాన్ లేదు, కాటు గుర్తు లేదు, ఆవిడని కాపాడింది మొదటి గంటలో మంచం పక్కన నిలబడి చూసిన చూపు, టైమ్‌కి వేసిన ట్యూబ్. నాకు ఆ పని బాగా రావాలి. కష్టమైన ఎయిర్‌వే, వెంటిలేటర్ సెట్టింగ్స్, బెడ్‌సైడ్ అల్ట్రాసౌండ్, పాయిజనింగ్ కేసులు, ఇవి మీ దగ్గర సీనియర్ల పక్కన నిలబడి నేర్చుకోవాలని ఉంది. మన దేశంలో ఈ బ్రాంచికి ఎండీ గుర్తింపు వచ్చింది 2009లోనే, జిల్లా ఆసుపత్రుల్లో ఈ ట్రైనింగ్ ఉన్నవాళ్ళు ఇంకా చాలా తక్కువ. ట్రైనింగ్ అయ్యాక మా జిల్లా క్యాజువాలిటీలోనే చేరతాను, అమ్మానాన్నలకి కూడా ఈ మాట ముందే చెప్పేశాను. నైట్ డ్యూటీలు ఎన్ని వేసినా నాకు ఓకే, ఇంటర్వ్యూకి ఏ రోజు రమ్మన్నా వస్తాను.